మర్నాటి ఉదయం చెప్పిన లెక్క: గులియన్ బారే సిండ్రోమ్ నుంచి కోలుకున్న ఒక ఉపాధ్యాయురాలి కేసు

నేను ఆమెను మొదటిసారి చూసేనాటికి జబ్బు మొదలై 9 రోజులైంది. గొంతులోకి వేసిన గొట్టం ద్వారా వెంటిలేటరు ఊపిరి అందిస్తోంది. చేతులు, కాళ్ళు నర్సులు ఎలా సర్దితే అలాగే ఉన్నాయి. ముఖంలోనూ కదలిక లేదు. కళ్ళు మాత్రం నేను గదిలోకి వచ్చినప్పటి నుంచి నన్నే చూస్తున్నాయి. ఆమె వయసు 36 ఏళ్ళు, ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలు. ఆమె వింటోంది, చూస్తోంది, గదిలో జరిగే ప్రతిదీ అర్థం చేసుకుంటోంది. ఈ జబ్బు నరాలను పట్టుకుంటుంది కాని మెదడు జోలికి పోదు.

నేను ఫిజియోథెరపిస్టును. ఈ కేసులో మందుల గురించిన నిర్ణయాలన్నీ న్యూరాలజిస్టులవి, ఐసీయూ వైద్యులవి. వాటిలోకి నేను పోవడం లేదు. ఇది పద్దెనిమిది నెలల పాటు ఒక మనిషి శరీరం తిరిగి తన చేతికి రావడాన్ని పక్కన నిలబడి చూసినవాడిగా, కొలిచినవాడిగా రాస్తున్నది. ఆమె అనుమతితో, ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను. ఇది ఒకరి కథ. మరొకరి శరీరంలో ఇదే జబ్బు మరో తీరుగా నడుస్తుంది కనుక ఇందులోని రోజుల లెక్కలను, వ్యాయామాలను ఎవరూ తమకు అన్వయించుకోవద్దని ముందే కోరుతున్నాను.

జబ్బు ముందు ఆమెకు రెండు రోజుల పాటు విరేచనాలు అయ్యాయి, తగ్గిపోయాయి. మరో పది రోజులకు కాలి వేళ్ళలో తిమ్మిరి మొదలైంది. కూర్చున్న తీరు వల్లనేమో అనుకుని ఆమె పట్టించుకోలేదు. రెండో రోజు మెట్లు ఎక్కుతుంటే మోకాళ్ళు పట్టు తప్పాయి. మూడో రోజు పాఠశాలలో బోర్డు మీద తేదీ రాయబోతే చెయ్యి భుజం దాకా లేవలేదు. నాలుగో రోజు గొంతు మారింది, నీళ్ళు మింగితే పొలమారింది. ఐదో రోజు రాత్రికి శ్వాస చాలక వెంటిలేటరు పెట్టవలసి వచ్చింది. కింది నుంచి పైకి ఇలా రోజుల వ్యవధిలో బలహీనత ఎగబాకడం, మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే రావలసిన కుదుపు రాకపోవడం ఈ జబ్బు ముఖ్య లక్షణాలు. 1916లో ఫ్రెంచి వైద్యులు గులియన్, బారే, స్ట్రోల్ ఇద్దరు సైనికులలో దీనిని గమనించి, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో కణాలు పెరగకుండా ప్రోటీను మాత్రమే పెరగడాన్ని గుర్తించారు. ఏడాదికి లక్ష మందిలో ఒకరిద్దరికి వచ్చే ఈ జబ్బులో దాదాపు నలుగురిలో ఒకరికి వెంటిలేటరు అవసరమవుతుంది.

లోపల జరిగేది ఇది. ఏదో ఒక సూక్ష్మజీవితో పోరాడటానికి తయారైన రోగనిరోధక కణాలు, ప్రతిరక్షకాలు పొరపాటున సొంత నరాల మీదికి మళ్ళుతాయి. నరంలో సంకేతాన్ని మోసే సన్నని పోగును ఆక్సాన్ అంటారు, దాని మీద చుట్టుకుని ఉండే కొవ్వు పొరను మైలిన్ అంటారు. మైలిన్ మాత్రమే దెబ్బతింటే సంకేతం దారిలో నిలిచిపోతుంది, కాని పొర తిరిగి ఏర్పడితే కొన్ని వారాల్లోనో నెలల్లోనో దారి మళ్ళీ తెరుచుకుంటుంది. ఆక్సానే తెగితే అది మొదటి నుంచి పెరుగుతూ కండరాన్ని చేరుకోవాలి. ఆ పెరుగుదల సుమారు రోజుకు ఒక మిల్లీమీటరు. నరాలలో సంకేతం ఎలా పోతోందో చూసే నెర్వ్ కండక్షన్ పరీక్షలో ఆమెకు ఎక్కువ నరాలలో మైలిన్ దెబ్బతిన్నట్టు, మోకాళ్ళ కింద మాత్రం కొంత ఆక్సాన్ నష్టం కూడా జరిగినట్టు తేలింది. ఆ రోజు నేను ఆ కాగితం చదివి పక్కన పెట్టేశాను. తరువాతి ఏడాదిన్నర అంతా ఆ కాగితం చుట్టూనే తిరుగుతుందని నాకు అప్పుడు తోచలేదు.

జబ్బు ఎగబాకడం ఆగిన తరువాత కొన్నాళ్ళు ఏమీ జరగదు. ఇంకా దిగజారదు, మెరుగూ పడదు. ఆమెకు ఈ దశ రెండు వారాలకు పైగా నడిచింది. బయటి నుంచి చూసేవారికి ఫిజియోథెరపిస్టు ఈ దశలో చేసేది పనిలాగే కనబడదు. రోజుకు రెండు పూటలా ప్రతి కీలును దాని పూర్తి పరిధిలో మెల్లగా తిప్పేవాణ్ణి. పాదం కిందికి వాలిపోయి చీలమండ వెనక ఉండే తాడులాంటి స్నాయువు కురచబడకుండా, పాదాన్ని నిలిపి ఉంచే స్ప్లింట్లు కట్టేవాళ్ళం. చర్మం ఒత్తుకుపోకుండా నర్సులు రెండేసి గంటలకు ఆమెను పక్కకు తిప్పేవారు. ఛాతీలో కఫం చేరకుండా చూసుకునేవాళ్ళం. నరాలు తిరిగి వచ్చే రోజుకు కీళ్ళు, కండరాలు, ఊపిరితిత్తులు వాటికి పనికివచ్చేలా ఉండాలన్నదే అప్పటి లక్ష్యం.

ఈ దశలోనే మేము ఒక పొరపాటు చేశాం. సాయంత్రం పూట ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారేవి. కుటుంబసభ్యులు వెళ్ళిన తరువాత కారేవి కనుక అది దిగులు అని అందరం అనుకున్నాం. ధైర్యం చెప్పేవాళ్ళం, టీవీ పెట్టేవాళ్ళం. ఒక నర్సు మాత్రం దీనిని ఒప్పుకోలేదు. పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు అని ఆమెతో ఒప్పందం చేసుకుని, ఒక అట్ట మీద వర్ణమాల రాసి తెచ్చింది. అచ్చులా, క వరుసా, చ వరుసా, ట వరుసా, త వరుసా అని అడుగుతూ పోవాలి. సరైన వరుస దగ్గర ఆమె పైకి చూస్తుంది. తరువాత ఆ వరుసలోని అక్షరాలు, తరువాత దాని గుణింతం. మొదటి అక్షరం త వరుసలో వచ్చింది. ద. గుణింతంలో కొమ్ము. దు. తరువాత ప వరుస. ప. అక్కడ నర్సు చూపు మంచం చివరికి పోయింది.

“దుప్పటా?” అని అడిగింది. ఆమె పైకి చూసింది, చాలాసేపు పైకే చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం ఏసీ చల్లదనానికి ఆమె పాదాల మీద దుప్పటి కప్పేవారు. దెబ్బతిన్న నరాలకు ఆ బట్ట తాకిడి నిప్పు అంటించినట్టు ఉండేదట. కదలలేని కాళ్ళలో స్పర్శ కూడా లేదని మేము అనుకున్నాం. ఈ జబ్బులో నొప్పి చాలామందికి ఉంటుందని పుస్తకాల్లో చదివినవాళ్ళమే, అయినా ముఖం కదలని మనిషి నొప్పిని ముఖంలో చూపలేదన్న చిన్న సంగతి మాకు తట్టలేదు. ఆ రాత్రి మంచం చివర వంపు తిరిగిన ఇనుప చట్రం పెట్టి, దుప్పటి పాదాలకు తగలకుండా దాని మీద వేశారు. వైద్యులు నొప్పికి చికిత్స మార్చారు. మర్నాటి సాయంత్రం కళ్ళలో నీళ్ళు లేవు. అప్పటి నుంచి ఆ అట్ట మంచం పక్కనే ఉండిపోయింది. ఆమెకు వ్యాయామం చేయించే ముందు ప్రతి కదలిక గురించీ చెప్పి, కళ్ళ జవాబు కోసం ఆగడం నాకు అలవాటైంది.

26వ రోజు ఉదయం ఎడమ భుజం తిప్పుతున్నప్పుడు నా వేళ్ళ కింద ఏదో కదిలినట్టు అనిపించింది. భుజం పైకి లేవలేదు, లోపలి కండరం మాత్రం ఒక్కసారి బిగిసి వదిలింది. కండర బలానికి మేము వాడే కొలత సున్నా నుంచి ఐదు వరకు ఉంటుంది. సున్నా అంటే ఏమీ లేదు. ఒకటి అంటే కండరం బిగుస్తుంది కాని కీలు కదలదు. రెండు అంటే బరువు లేకుండా, అంటే పరుపు మీద పక్కకు జరిపినట్టుగా కదులుతుంది. మూడు అంటే భూమి ఆకర్షణకు ఎదురుగా అవయవం లేస్తుంది. నాలుగు అంటే మనం అడ్డం పెట్టిన చేతిని కొంత తోయగలదు. ఐదు మామూలు బలం. “టీచరు గారూ, ఎడమ భుజం ఒకటి వచ్చింది” అని చెప్పాను. పైకి చూసింది. మరోసారి చేయమన్నాను. మరోసారి బిగిసింది. మూడోసారి రాలేదు. రెండుసార్లకే ఆ కండరం అలసిపోయింది.

జబ్బు కింది నుంచి పైకి వెళ్ళినట్టే కోలుకోవడం ఆమెకు పై నుంచి కిందికి వచ్చింది. మొదట ముఖం, మెడ, భుజాలు, తుంటి. తరువాత మోచేతులు, మోకాళ్ళు. అన్నిటికన్నా చివర వేళ్ళు, పాదాలు. వెన్ను నుంచి దగ్గరగా ఉన్న కండరానికి నరం దారి కురచ, దూరంగా ఉన్నదానికి పొడవు. 41వ రోజుకు వెంటిలేటరు తీసేశారు. ఆ మధ్య రోజుల్లో గొంతు దగ్గర చేసిన ట్రేకియాస్టమీ రంధ్రాన్ని తరువాత మూసేశారు. మాట వచ్చిన రోజున ఆమె తన కొడుకును పిలిచింది, ఆ తరువాత ఆ నర్సును పిలిపించమంది.

కూర్చోబెట్టడం, నిలబెట్టడం మేము అనుకున్నంత సులువుగా జరగలేదు. ఈ జబ్బు గుండె వేగాన్ని, రక్తపోటును చూసుకునే నరాలను కూడా తాకుతుంది. పట్టీలతో కట్టి నెమ్మదిగా నిటారుగా లేపే టిల్ట్ టేబుల్ మీద మొదటి రోజు 30 డిగ్రీల దగ్గరే ఆమె రక్తపోటు పడిపోయింది, చూపు మసకబారింది. వెంటనే కిందికి దించేశాం. ఆపైన రోజూ కొద్దికొద్దిగా పెంచుతూ రెండు వారాలకు 70 డిగ్రీలకు చేరుకున్నాం.

ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పిన ఘట్టం పదకొండో వారంలో వచ్చింది. అప్పటికి ఆమె మోచేతులు, మోకాళ్ళు మూడుకు చేరాయి. చెంచా పట్టుకుని తానే తినడం మొదలుపెట్టింది. ఒక సోమవారం ఉదయం నేను వెళ్ళేసరికి చెంచా పళ్ళెంలో పడి ఉంది. చెయ్యి లేవడం లేదు. కొలిచి చూస్తే మోచేయి మూడు నుంచి రెండుకు, మోకాళ్ళు కూడా రెండుకు దిగాయి. జబ్బు తిరగబెట్టిందా అన్న అనుమానం మొదట వచ్చింది. కొద్దిమందిలో అలా జరుగుతుంది కనుక న్యూరాలజిస్టును పిలిచాం. ఆయన పరీక్షించి, కొత్త తిమ్మిరి గాని, శ్వాసలో మార్పు గాని లేవని చూసుకుని, గత రెండు రోజులు ఏం చేశారని అడిగారు.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పింది. శని, ఆదివారాల్లో నేను రాను కనుక, రోజులు వృథా పోతున్నాయనిపించి, కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని నేను చేయించే కదలికలన్నీ మూడింతలు చేసింది. నేను పదిసార్లు చేయిస్తే ఆమె ముప్పైసార్లు. రాత్రి నిద్ర పట్టనప్పుడు కూడా చేసింది. “కష్టపడితే రాదా సార్? పిల్లలకు నేను చెప్పేది అదే కదా” అంది.

ఆమె తప్పు ఇందులో ఏమీ లేదు. కాలు విరిగి కట్టు విప్పిన వ్యక్తికి, గుండె ఆపరేషన్ తరువాత నడక మొదలుపెట్టిన వ్యక్తికి కూడా కొంత హద్దు ఉంటుంది కాని, అక్కడ కండరానికి నరం సరిగా అందుతూనే ఉంటుంది. ఇక్కడ ఒక కండరంలోని పోగులలో కొన్నింటికి మాత్రమే నరం తిరిగి చేరింది. ఆ కొద్ది పోగులే మొత్తం బరువు మోస్తున్నాయి. వాటి శక్తికి మించి పని చేయిస్తే అవి బలపడక, వాడిపోతాయి. ఆ సంగతి ఆమెకు ముందే, ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పవలసినవాణ్ణి నేను. “ఎక్కువ చేయకండి” అని మాత్రమే చెప్పాను. ఎంత అయితే ఎక్కువ అన్నది చెప్పలేదు. ఆమెవంటి మనిషికి అది హెచ్చరికగా కాక, మర్యాదకు అన్న మాటగా వినిపించి ఉంటుంది.

పోయిన బలం తిరిగి రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో ఇద్దరం కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎంత చేశామన్నది ఆ సాయంత్రం తేలదు. మర్నాటి ఉదయం తేలుతుంది. వ్యాయామం తరువాత అలసట సహజం. రాత్రి నిద్రతో అది పోయి, ఉదయం చెంచా నిన్నటిలాగే లేస్తే నిన్నటి పని సరిపోయిందని అర్థం. ఉదయం కూడా బరువుగా ఉంటే నిన్న ఎక్కువైందని అర్థం, ఆ రోజు సగమే చేయాలి. మూడు ఉదయాలు వరుసగా బాగుంటే కొద్దిగా పెంచాలి. ఆమె దీనికి ఒక నోటు పుస్తకం పెట్టింది. వేళ్ళతో రాయలేదు కనుక ఆమె చెబితే కొడుకు రాసేవాడు. ఒక్కో రోజుకు ఒక్కో పంక్తి: ఏం చేసింది, ఎన్నిసార్లు, మర్నాటి ఉదయం ఎలా ఉంది. ఉదయానికి ఆమె మూడే మాటలు వాడేది. నిన్నటిలాగే, తేలిక, బరువు.

ఆ పుస్తకం నా దగ్గర ఉన్న ఏ పరికరం కన్నా నాకు ఎక్కువ చెప్పింది. అందులో “బరువు” అన్న మాట పన్నెండో వారంలో నాలుగుసార్లు, పద్దెనిమిదో వారంలో ఒకసారి ఉంది. ఆ ఒకసారి ఆమె ఏ వ్యాయామమూ అదనంగా చేయలేదు. ముందు రోజు బంధువులు వచ్చి ఐదు గంటలు కూర్చున్నారు. మాట్లాడటం, నవ్వడం, వీపు ఆనకుండా కూర్చోవడం కూడా ఆ కండరాలకు పనేనని మేమిద్దరం ఆ రోజు గ్రహించాం. ఆమె ధైర్యం గురించి చాలామంది నాతో మెచ్చుకోలుగా మాట్లాడారు, అది నిజమే. కాని నేను చూసిన ధైర్యం వాళ్ళు అనుకున్నది కాదు. ఇంకా రెండుసార్లు చేయగలనని తెలిసి కూడా ఎనిమిదో సారి దగ్గర చెయ్యి దించేయడం ఆమెకు ముప్పైసార్లు చేయడం కన్నా కష్టంగా ఉండేది. ఆమె దానిని రోజూ చేసింది.

నడక గురించి క్లుప్తంగా చెబుతాను. 104వ రోజున సమాంతర కడ్డీల మధ్య, రెండు చేతులా పట్టుకుని, చీలమండలకు ప్లాస్టిక్ స్ప్లింట్లతో నాలుగు అడుగులు వేసింది. పాదం ముందు భాగాన్ని పైకెత్తే కండరాలు ఇంకా రాలేదు కనుక స్ప్లింట్లు లేకపోతే వేళ్ళు నేలకు రాసుకుని తూలేది. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో కొలిచే పరీక్షలో ఐదో నెలలో వాకర్‌తో 96 మీటర్లు, ఎనిమిదో నెలలో చేతికర్రతో 250, పన్నెండో నెలలో కర్ర లేకుండా 380 మీటర్లు నడిచింది. ఆరోగ్యంగా ఉన్న ఆ వయసు వ్యక్తి సాధారణంగా 500 మీటర్లు దాటుతారు.

ఆమెకు మాత్రం మీటర్ల మీద ధ్యాస లేదు. బోర్డు మీద రాయాలి. ఆరో నెలకు భుజం నాలుగుకు చేరింది కనుక చెయ్యి బోర్డు ఎత్తుకు లేచేది, కాని చాక్‌పీసు వేళ్ళలో నిలిచేది కాదు. బొటనవేలిని చూపుడు వేలికి ఎదురుగా తెచ్చి నొక్కే చిన్న కండరాలు అరచేతిలోనే ఉంటాయి. భుజానికీ వాటికీ మధ్య నరం దారి దాదాపు రెండడుగులు. చెయ్యి పైకి లేపి, చాక్‌పీసు ఆనించి, ఒక గీత గీసేలోపు అది జారి కింద పడేది. రోజుకు ఐదారుసార్లు పడేది. పడిన ప్రతిసారీ వంగి తీయడం ఆమెకు సాధ్యం కాదు కనుక నేను తీసి ఇచ్చేవాణ్ణి. ఒకరోజు “మీరు తీయకండి సార్, పడింది పడినట్టే ఉండనివ్వండి, చివర లెక్క పెడదాం” అంది. ఆ సాయంత్రం నేల మీద ఏడు ముక్కలు ఉన్నాయి. పుస్తకంలో ఏడు అని రాయించింది.

రోజువారీ పనులు మళ్ళీ చేసుకునేలా రోగులను తయారుచేసే మా ఆక్యుపేషనల్ థెరపిస్టు చాక్‌పీసుకు స్పాంజి గొట్టం తొడిగి లావు చేసింది. లావైన వస్తువును పట్టుకోవడానికి చిన్న కండరాల బలం తక్కువ చాలుతుంది. ముందు అడ్డగీతలు, తరువాత సున్నాలు, ఆ తరువాత అక్షరాలు. తెలుగు అక్షరం గుండ్రం కనుక మణికట్టు తిరగాలి, చాక్‌పీసు మీద ఒత్తిడి గీత పొడవునా ఒకేలా ఉండాలి. మొదటి రోజుల్లో ఆమె రాసిన ‘అ’ రెండు గుప్పిళ్ళంత పెద్దది, ఒక పక్క తెగిపోయి ఉండేది. తొమ్మిదో నెలకు స్పాంజి తీసేసింది. పడిన ముక్కల సంఖ్య ఏడు నుంచి మూడుకు, ఆపైన సున్నాకు వచ్చింది. అయితే వరుసగా రాయగలిగింది నాలుగు నిమిషాలే. ఆపైన అక్షరాలు కిందికి జారేవి, అంటే భుజం అలసిపోయేది. పదకొండో నెలలో ఆమె బడికి తిరిగి వెళ్ళింది, మధ్యాహ్నం వరకే, కుర్చీలో కూర్చుని చెప్పే ఏర్పాటుతో. బోర్డు మీద శీర్షిక తాను రాసి, మిగతాది ఒక్కో విద్యార్థి చేత రాయించేది.

అన్నీ తిరిగి రాలేదు. ఏడాదిన్నర తరువాత కూడా ఆమె కాలి వేళ్ళలో తిమ్మిరి ఉంది. చీలమండ వెనక సుత్తితో తడితే కుదుపు రాదు. మధ్యాహ్నం రెండు దాటాక ఒక గంట పడుకోకపోతే సాయంత్రం మాట కూడా నీరసంగా వస్తుంది. ఈ అలసట ఈ జబ్బు నుంచి బయటపడిన వాళ్ళలో ఎక్కువమందికి ఏళ్ళ తరబడి ఉంటుంది. బయటికి నడక బాగానే కనబడుతుంది కనుక చుట్టుపక్కల వాళ్ళకు అది బద్ధకంలా తోస్తుంది. ఆమె దీని గురించి సహోద్యోగులకు ఒక కాగితం రాసి ఇచ్చింది, నాకు చాలా నచ్చింది. కుడి కాలికి స్ప్లింటు ఇప్పటికీ ఉంది.

ఇంకో మాట కూడా రాయకపోతే ఈ నివేదిక అబద్ధమవుతుంది. ఆమె ఐసీయూలో ఉన్నప్పుడే పక్క మంచం మీద ఇదే జబ్బుతో మరొక యువకుడు ఉన్నాడు. ఆయన పరీక్షల్లో మొదటి నుంచీ ఆక్సాన్ నష్టం చాలా ఎక్కువ. ఆయనా అంతే ఓపికగా, ప్రతి ఉదయం కొలుచుకుంటూ పనిచేశాడు. ఏడాది తరువాత చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఈ జబ్బు వచ్చిన వాళ్ళలో ఆరు నెలలకు దాదాపు ఐదుగురిలో నలుగురు ఎవరి సాయం లేకుండా నడుస్తారు, ఒకరు నడవలేరు. మంచి ఐసీయూలలో కూడా కొందరు చనిపోతారు. ఆమె కోలుకున్నది పట్టుదల వల్లనే అంటే, ఆయనకు పట్టుదల లేదని చెప్పినట్టవుతుంది. నేను ఆ మాట అనను. నరం ఎంత దెబ్బతిన్నదన్నది వాళ్ళిద్దరి చేతిలోనూ లేదు. చేతిలో ఉన్న భాగాన్ని ఇద్దరూ పూర్తిగా చేశారు.

చివరిగా బొటనవేలి సంగతి. ఆరో నెలలో ఒకరోజు ఆమె కుడి కాలి బొటనవేలు ఎప్పుడు లేస్తుందని అడిగింది. నేను రోజుకు ఒక మిల్లీమీటరు లెక్క చెప్పాను. బొటనవేలిని పైకెత్తే కండరం వేలిలో ఉండదు, మోకాలి కింద కాలి ముందు భాగంలో ఉంటుందని, అక్కడి నుంచి తాడులాంటి స్నాయువు పాదం మీదుగా వేలి దాకా వస్తుందని చూపించాను. ఆమె టేపు తెప్పించి తొడ మధ్య నుంచి ఆ కండరం దాకా కొలిపించింది. 40 సెంటీమీటర్లు. అంటే 400 మిల్లీమీటర్లు, 400 రోజులు. నరం సరిగ్గా ఎక్కడ తెగిందో కొలిచే మార్గం లేదని, తొడ మధ్య అన్నది మన ఊహ మాత్రమేనని, తెగిన ప్రతి పోగూ కండరాన్ని చేరదని కూడా చెప్పాను. విన్నది. అయినా జబ్బు ఆగిన రోజు నుంచి 400 లెక్కపెట్టి, పుస్తకంలో ఆ తేదీ దగ్గర చిన్న పాదం బొమ్మ వేయించింది.

ఆ రోజు వచ్చింది. ఏమీ కదల్లేదు. పుస్తకంలో ఆ పంక్తిలో తన చేత్తోనే “సున్నా” అని రాసుకుంది. మర్నాటి ఉదయం దగ్గర “నిన్నటిలాగే” అని ఉంది. ఆ తరువాతి నెలల్లో ఆమె బొటనవేలి మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పద్దెనిమిదో నెల పరీక్షకు వచ్చినప్పుడు స్ప్లింటు విప్పి, కుడి పాదాన్ని నా ఒడిలో పెట్టుకుని, మామూలుగా చూసే వరుసలోనే చూస్తూ పోయాను. చీలమండ మూడు. పాదం పక్కకు తిప్పడం మూడు. “బొటనవేలు పైకి లేపండి” అన్నాను, అలవాటుగా. వేలు లేవలేదు. కాని పాదం మీద, చర్మం కింద, సన్నని గీతలాంటిది ఒకటి ఉబ్బి మళ్ళీ మునిగిపోయింది. ఆమె ముందుకు వంగి చూస్తోంది. మరోసారి చేయమన్నాను. స్నాయువు మరోసారి బిగిసింది, ఈసారి వేలు పెట్టి చూశాను. మూడోసారి అడగబోతుంటే ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

“రెండు చాలు సార్, రేపు ఉదయం చూద్దాం” అంది.

ఆమె పుస్తకం తెరిచి, పేజీ చివర తేదీ వేసి, కుడి బొటనవేలు, ఒకటి అని రాసింది. పక్కన మర్నాటి ఉదయానికి ఖాళీ వదిలింది.